కార్తీకంలో మాత్రమే కారే డాబా

ఆ ఇల్లు కాకినాడలో ఉంది. కట్టి పాతికేళ్లు దాటింది. డాబా తూర్పు పడమరలుగా 36 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 30 అడుగులు ఉంటుంది. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. నేను వెళ్లేసరికి ఆయన నిర్ణయం అయిపోయింది. డాబా మొత్తం మీద రెండంగుళాల సిమెంటు పూత వేయించాలని మేస్త్రితో మాట్లాడుకున్నారు. ఎన్ని బస్తాలు పడతాయో నా చేత రాయించుకుందామని పిలిచారు.

బస్తాల లెక్క పక్కన పెట్టి ముందు ఒకటి అడిగాను. "మాస్టారూ, తూర్పు గదిలో చెమ్మ ఏ నెలలో కనిపిస్తుంది?"

ఆయన కాసేపు ఆలోచించారు. "శ్రావణ, భాద్రపదాల్లో ఎంత కురిసినా రాదు బాబూ. కార్తీకంలో ముసురు పట్టిందంటే మర్నాటికల్లా గోడ తడుస్తుంది. హాల్లో పైపు దగ్గర మాత్రం ఏ వానకైనా వస్తుంది."

సగం సర్వే ఆ మాటతోనే అయిపోయింది. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలు చాలాసార్లు సముద్రం మీది తూర్పుగాలితో కలిసి ఏటవాలుగా గోడల్ని కొడతాయి. డాబా నేల చీలి ఉంటే నీరు ఏ నెల వానకైనా దిగాలి. తూర్పుగాలి వానకే దిగుతోందంటే నేలకంటే ముందు తూర్పు పిట్టగోడను అనుమానించాలి. పైగా ఆ డాబా వాటం పడమరకు ఉంది. నూటికి ఒకటి చొప్పున 36 అడుగులకు నాలుగంగుళాల పైచిలుకు పల్లం. తూర్పు అంచున వాన నీరు అసలు నిలవదు.

అనుమానాన్ని అనుమానంగానే రాయాలి. అందుకే నా రిపోర్టులో ప్రతి మరకకూ మూడు గడులు గీస్తాను. కంటితో చూసింది మొదటి గడిలో, పరీక్షలో తేలింది రెండో గడిలో, దాన్నిబట్టి నేననుకునేది మూడో గడిలో రాస్తాను. ఈ మూడూ కలిపి 'శ్లాబు లీకవుతోంది' అని ఒక్క వాక్యం రాసిచ్చిన రిపోర్టులు చాలా చూశాను. అలాంటి కాగితం చూసి యజమాని ఏ పనికి డబ్బు పెట్టాలి? రేపు ఆ పని ఫలించకపోతే తప్పు ఎక్కడ జరిగిందో ఎలా తెలుస్తుంది?

తూర్పు గదిలో మరక గోడా శ్లాబూ కలిసే మూల వెంట ఆరడుగుల పొడవున ఉంది. రంగు పొట్టు లేచి, కింద ఉప్పు తెల్లగా పూసింది. హాల్లో వాయవ్య మూలన, వాన నీటి గొట్టం శ్లాబులోంచి దిగే చోటికి దగ్గరగా, పళ్లెమంత గోధుమరంగు వలయం ఉంది. అక్కడ సుత్తి పిడితో తట్టితే ప్లాస్టరింగ్ గుల్లగా మోగింది. ఓ చోట పెచ్చు ఊడి, తుప్పు పట్టిన ఊచ కనిపిస్తోంది.

తేమ కొలిచే మీటరుకు రెండు సూదులుంటాయి. గోడకు గుచ్చితే అంకె చూపిస్తుంది. ఈ మీటర్లు ఎక్కువగా కర్ర కోసం తయారైనవి కాబట్టి, ప్లాస్టరింగ్ మీద అవి చూపే అంకెను తేమ శాతం అనుకోకూడదు. పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఇంటి మధ్యలో ఎన్నడూ తడవని గోడ మీద 11 వచ్చింది. తూర్పు గది మరక మీద అడుగుకొక చుక్క పెట్టి కొలిస్తే 24 నుంచి 32 వరకు వచ్చింది. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ అంకె తగ్గింది. అంటే తేమ నేలలోంచి ఎక్కడం లేదు, పైనుంచే దిగుతోంది. హాల్లో వలయం మీద 38 చూపించింది. ప్లాస్టరింగ్‌లో ఉప్పు చేరినా, సూదుల దగ్గర ఊచ ఉన్నా ఈ మీటరు తేమను ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకని 38 పక్కన ఆ సంగతి కూడా రాసి పెట్టుకున్నాను.

తరవాత డాబా మీద నీళ్లు నిలబెట్టే పరీక్ష. గొట్టం మూతి మూసి ఒకేసారి నింపుదామంటే వాటం అడ్డొస్తుంది. తూర్పు అంచు మునగాలంటే పడమట ఐదారంగుళాల లోతు నిలబెట్టాలి, శ్లాబు మీద అంత బరువు పెట్టడం నాకిష్టం లేదు. బంకమట్టితో అడ్డంగా గట్లు పోసి డాబాను మూడు మళ్లు చేశాం. ఒక్కో మడిలో సగటున రెండంగుళాలు నింపి 48 గంటలు వదిలేశాం. కాంక్రీటులోంచి నీరు మెల్లగా దిగుతుంది గనుక ఒక్క రోజుతో తేల్చేయకూడదు. పక్కనే ఓ ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి ఎండలో పెట్టాం. తొట్టిలో ఎంత తగ్గితే అంత ఆవిరి, మడిలో అంతకుమించి తగ్గితే అది లీకు. రెండు రోజులకు తొట్టిలో 9 మిల్లీమీటర్లు తగ్గింది. మళ్లలోనూ దాదాపు అంతే. కింద తూర్పు గదిలో అంకె మారలేదు. హాల్లోనూ కొత్త తడి లేదు.

తూర్పు గది సంగతి నేననుకున్నట్టే ఉంది. హాల్లో వలయం మాత్రం నన్ను ఆపేసింది. ప్రతి వానకూ కారే చోట రెండు రోజులు నీళ్లు నిలిచినా కారకపోవడమేమిటి? పైకెళ్లి చూస్తే తప్పు మాదేనని తెలిసింది. గుడ్డ చుట్టిన బిరడాను గొట్టం మూతి దగ్గరే బిగించాం. గొట్టానికీ శ్లాబుకూ మధ్య అతుకు ఆ బిరడా కింద ఉంది. పరీక్షించాల్సిన చోటికి నీళ్లే చేరలేదు. బిరడాను అడుగు లోతుకు దింపి ఆ మడి మళ్లీ నింపాం. మూడు గంటల్లో వలయం అంచు నల్లబడింది, ఐదో గంటకు చుక్క రాలింది. నీళ్లు నిలబెట్టి చూశాం, లీకు లేదు అని ఎవరైనా కాగితం ఇస్తే బిరడా ఎక్కడ పెట్టారో అడగండి.

తూర్పు పిట్టగోడకు బయటివైపునుంచి గొట్టంతో నీళ్లు కొట్టి చూశాం. దీనికో వరస ఉంది. కిందినుంచి మొదలుపెట్టి, ఒక్కో మట్టం దగ్గర పావుగంట కొట్టి, ఆగి, లోపల చూసుకుని పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే కారిన నీరు కింది పగుళ్లనూ తడుపుతుంది. అప్పుడు దేనిలోంచి దిగిందో చెప్పలేం. సన్‌షేడ్ మట్టం దగ్గర ఏమీ రాలేదు. శ్లాబు మీద పిట్టగోడ మొదలయ్యే చోట వెంట్రుకంత పగులు గోడ పొడవునా అడ్డంగా పోయింది. దాని మీద కొట్టిన నలభై నిమిషాలకు లోపల అంకె 30 నుంచి 41కి ఎక్కింది. ఆ పగులు ఎందుకొచ్చిందో రిపోర్టులో ఇలా రాశాను: "ఎండకు కాంక్రీటు శ్లాబు సాగినంత ఇటుక గోడ సాగదు. రోజూ సాగి, రాత్రికి ముడుచుకునే రెండింటి మధ్య సిమెంటు అతుకు తెగింది. ఇది కదిలే పగులు."

మరమ్మతుకు ఆ చివరి మాటే ఆధారం. కదిలే పగులును సిమెంటుతో పూడిస్తే ఒకటి రెండు వేసవులకు మళ్లీ తెగుతుంది. అందుకని ఉలితో అర అంగుళం వెడల్పు, అంతే లోతు గాడి తీసి, దుమ్ము దులిపి, బాగా ఆరాక సాగే గుణమున్న పాలీయూరిథేన్ సీలెంట్ నింపమన్నాను. దాని మీదుగా అడుగు వెడల్పున వల పరిచి ప్లాస్టరింగ్ చేయాలి. పిట్టగోడ పై అంచు వాటం డాబా లోపలికే ఉండాలి. లోపలివైపు గోడా నేలా కలిసే మూలన మూడంగుళాల గోలా కట్టి, వాటర్‌ప్రూఫ్ పూతను గోడ మీదికి అడుగు ఎత్తు దాకా తీసుకెళ్లాలి. ఇదంతా 30 అడుగుల పొడవున పని.

గొట్టం దగ్గర చుట్టూ అడుగున్నర చదరం పగలగొట్టి, పాత గొట్టం ముక్క తీసేసి, కొత్తది కుంచించుకుపోని గ్రౌట్‌తో బిగించాలి. పూత గొట్టం లోపలికి రెండంగుళాలు దిగాలి. నేలమీదే ఆపేస్తే మళ్లీ అదే అతుకులోంచి నీరు దిగుతుంది. హాల్లో గుల్ల ప్లాస్టరింగ్ అంతా రాలగొట్టి, ఊచలను తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది మందం కొలిచాం. 8 మిల్లీమీటర్ల ఊచ ఏడున్నర దాకా మిగిలింది. తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడిస్తే చాలనిపించింది. ఇంకా సన్నబడి ఉంటే ఆ నిర్ణయం నాది కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుది. ఆ మాట కూడా రిపోర్టులో రాశాను.

మాస్టారు అడిగిన రెండంగుళాల పూత గురించి ఆయన భాషలోనే రాశాను. డాబా వైశాల్యం సుమారు 100 చదరపు మీటర్లు. రెండంగుళాలంటే 5 ఘనపు మీటర్ల మోర్టార్, పది టన్నుల పైమాటే. శ్లాబు మీద శాశ్వతంగా ఉండిపోయే బరువు అది. నీళ్లు దిగే రెండు చోట్లలో ఒక్కదాన్నీ అది మూయదు. సరికదా, నేల ఎత్తు పెరిగి గొట్టం మూతి గుంటలో పడుతుంది. మాస్టారు ఆ పేరా రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మేస్త్రికి ఆయనే చెప్పుకున్నారు.

చూడలేకపోయింది ఒకటుంది. నీళ్ల ట్యాంకు దిమ్మ కింద శ్లాబు ఎలా ఉందో ట్యాంకు దింపకుండా తెలియదు. దాని కింది గదిలో మరక లేదు, అంకె 12. అయినా 'పరీక్షించలేదు' అనే రాశాను. 'బాగుంది' అని రాయలేదు.

పని సంక్రాంతి వెళ్లాక మొదలై ఫిబ్రవరిలో ముగిసింది. పూతలు ఉదయం పూటే వేయించాం. నడి ఎండలో కాలిన నేల మీద వేస్తే పట్టు చిక్కకముందే ఆరి బుడగలొస్తాయి. అవే పరీక్షలు అదే వరసలో మళ్లీ చేశాం. బిరడా ఈసారి మొదటే లోతుకు దింపాం. రెండుచోట్లా తడి రాలేదు.

లోపల రంగు వెంటనే వేయవద్దని, పొడిగోడ అంకెకు దగ్గరపడేదాకా పదిహేను రోజులకోసారి కొలవమని మీటరు మాస్టారి దగ్గరే వదిలాను. ఆయన తేదీలతో పట్టిక గీసుకున్నారు. ఏప్రిల్ మధ్యకల్లా తూర్పు గది 13కి దిగింది. హాల్లో మాత్రం మోర్టార్ వేసిన చోటు బాగానే ఉన్నా, దాన్ని ఆనుకుని మేం ముట్టుకోని పాత ప్లాస్టరింగ్ మీద అంకె 27 దగ్గరే నిలిచిపోయింది. మళ్లీ లీకయిందని ఆయన కంగారుపడి ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే చేతికి తడి లేదు, గీకితే పొడిగా ఉప్పు రాలుతోంది. మొదటి రోజు 38 పక్కన రాసుకున్న మాట ఇద్దరం మళ్లీ చదివాం. ఉప్పు పట్టిన ఆ ప్లాస్టరింగ్ మరో అడుగు మేర కొట్టేసి కొత్తది చేయించాం. మూడు వారాలాగి కొలిస్తే 14. ఆ వారం రంగు వేయించారు. కార్తీకం వచ్చాక కొలవడానికి మాస్టారు పట్టికలో నాలుగు గడులు ఖాళీగా ఉంచుకున్నారు.