బోనస్ గీత దాటడం, ఒక్క కార్డులో

శిక్షణ శిబిరం అయిపోయాక కోచ్ చూపించిన పీపీటీని పీఈటీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. మైదానంలో ప్రొజెక్టర్ ఉండదు కాబట్టి కాగితానికి నాలుగేసి స్లైడ్లు చొప్పున ప్రింటు తీస్తారు. అక్షరాలు కంటికి ఆనవు. అది చిన్న ఇబ్బందే. స్లైడు కోచ్ మాటలకు తోడుగా తయారైంది, ఆయన నోటితో చెప్పిందేదీ అందులో ఉండదు. అసలు చిక్కు అక్కడుంది. దాన్ని చిన్నదిగా ప్రింటు తీస్తే కార్డు అయిపోదు, మళ్లీ రాయాల్సిందే.

కబడ్డీలో బోనస్ రైడ్ సంగతే చూద్దాం. ఆ స్లైడు మీద మామూలుగా ఉండేది నాలుగు ముక్కలు: వేగం, బ్యాలెన్స్, కార్నర్ మీద చూపు, సమయం. పక్కన బాణాల బొమ్మ. ఇది పట్టుకుని మైదానంలోకి వెళ్తే పిల్లల్ని ఎక్కడ నిలబెట్టాలో కూడా తెలియదు.

అందుకే కార్డులో మొదటి భాగం ఏర్పాటు. పురుషుల కోర్టులో నడిగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, మహిళల కోర్టులో 3 మీటర్లు. రెండింటిలోనూ బోనస్ లైన్ అక్కడి నుంచి ఇంకో మీటరు అవతల ఉంటుంది. స్లైడులో ఒకే బొమ్మ ఉంటుంది, అది ఏ కోర్టుదో రాసి ఉండదు. కార్డు మీద రాయకపోతే అమ్మాయిల చేత ముప్పావు మీటరు ఎక్కువ దూరం సాధన చేయిస్తాం. ఇక ఎదుట ఎందరు? కోర్టులో డిఫెండర్లు ఆరుగురు, అంతకంటే ఎక్కువ ఉంటేనే బోనస్ లెక్క. పిల్లలు తక్కువైతే మిగతా చోట్ల నీళ్ల సీసాలు పెట్టమని కార్డే చెప్పాలి. ఐదుగురి ముందు బోనస్‌కు కాలు చాపడం అలవాటైతే మ్యాచ్‌లో పాయింటూ రాదు, కాలూ దొరికిపోతుంది.

తర్వాత అడుగులు. ఒక్కో వాక్యానికి ఒక్క పని. "కూత ఎత్తుకుని నడిగీత దాటు. బాక్ లైన్ దాటి కార్నర్‌కు, అతని పక్కవాడికి మధ్య ఖాళీ చూడు. ముందు కాలు బోనస్ లైన్ అవతల మోపు, ఆ క్షణాన వెనక కాలు గాల్లో ఉండాలి. మోపిన కాలితోనే నేలను తన్ని వెనక్కి రా. కూత ఆపకుండా నడిగీత చేరు." మొదటి విడతలో డిఫెండర్లు కదలొచ్చు గానీ పట్టకూడదు. ఈ మాట కూడా కార్డు మీదే ఉండాలి, లేకపోతే మొదటి రోజే ఎవరిదో మడమ బెణుకుతుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది తప్పుల భాగం. స్లైడ్లలో ఇది దాదాపు ఉండదు, కోచ్‌ను అడిగి రాసుకోవాలి. ఆయన "బ్యాలెన్స్ లేదు" అంటారు. అలాగే దించేస్తే పనికిరాదు. బ్యాలెన్స్ లేదని బయటి నుంచి ఎలా తెలుస్తుంది? నడుము ముందుకు వంగి, బరువంతా చాపిన కాలి మీద పడి, వెనక్కి రావడానికి ఇంకో అడుగు అదనంగా వేస్తాడు. కార్డులో రాయాల్సింది ఆ అదనపు అడుగు గురించి. దిద్దుబాటు: చాపే దూరం తగ్గించి, ఛాతీ నిటారుగా ఉంచమనాలి. రెండో తప్పు, వెనక కాలి వేళ్లు నేలను రాసుకోవడం. రైడర్ వెనక నిలబడితే ఇది కనపడదు. బోనస్ లైన్‌కు సరిగ్గా పక్కన, కోర్టు బయట నిలబడి చూడాలి. మట్టి కోర్టయితే గీరిన గుర్తే చెబుతుంది. మూడోది, గీత కోసం కిందికి చూడటం. కార్నర్ ఆటగాడి చేత వేళ్లు చూపించి, ఎన్నో గట్టిగా చెప్పమని రైడర్ తోటివాణ్ని కాకుండా, తిరిగొచ్చాక రైడర్‌నే అడగాలి. మధ్యలో చెబితే కూత తెగుతుంది. మూడుకు మించి తప్పులు రాయొద్దు, ఆట నడుస్తుండగా ఎవరూ చదవరు.

బొమ్మ దగ్గర ఇంకో చిక్కు. స్లైడులో ఒక్కొక్కటిగా వచ్చే బాణాలు ప్రింటులో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎరుపూ నీలమూ నలుపు-తెలుపు జిరాక్సులో ఒకే బూడిద రంగు. రైడర్ దారి నిండు గీతతో, డిఫెండర్ దారి చుక్కల గీతతో మళ్లీ గీయాలి.

అడ్డంగా తిప్పిన ఏ4 కాగితం మీద రెండు ఏ5 కార్డులు పడతాయి. ముందు ఏర్పాటు, బొమ్మ, అడుగులు, వెనక తప్పులు. ప్రింటులో `Actual size`, `Flip on short edge` ఎంచుకోవాలి. వెనక పేజీలో రెండు కార్డుల చోట్లు తారుమారు చేయాలి, లేకపోతే బోనస్ కార్డు వెనక పట్టు తప్పులు వస్తాయి. ముందు ఒక్క కాగితం తీసి వెలుతురుకు ఎత్తి చూసి, ఆ స్లైడ్లు చూడని సీనియర్ ఆటగాడి చేతికివ్వాలి. అతను ఏం అడుగుతాడో అది కార్డులో చేర్చాకే లామినేషన్‌కు పంపాలి.