ఉప్పు సరిపోతే కూర రుచైనట్టేనా?

కూరలో ఉప్పు తగ్గితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. పంక్తిలో కూర్చున్నవాళ్లంతా ఒకే మాట అంటారు. అదే ఉప్పు సరిగ్గా పడిన రోజున ఎవరూ ఉప్పు మాటెత్తరు. వంకాయ లేతగా ఉందనో, పోపు కమ్మగా కుదిరిందనో మెచ్చుకుంటారు. ఉప్పు లోపం తిట్టు తెచ్చిపెడుతుంది కానీ, ఉప్పు సరిపోయినందుకు మెప్పు రాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో ఉద్యోగాల గురించి చెప్పింది దాదాపు ఇదే.

ఎంబీఏలో హెచ్‌ఆర్ పేపరు రాసినవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. మాస్లో సిద్ధాంతాన్ని, హెర్జ్‌బర్గ్ సిద్ధాంతాన్ని పోల్చమనే ప్రశ్న పరీక్షల్లో పాత చుట్టమే. విద్యార్థి మధ్యలో గీత గీసి, ఎడమవైపు మాస్లో మెట్లు, కుడివైపు హెర్జ్‌బర్గ్ రెండు జాబితాలు రాసేస్తాడు. మార్కులూ పడతాయి. ఆ గీతకు రెండు పక్కలా ఉన్నవి అసలు ఒకే ప్రశ్నకు జవాబులేనా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

హెర్జ్‌బర్గ్, అతని ఇద్దరు సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని కంపెనీల్లో పనిచేసే సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలిశారు. “మీకు జీతం ముఖ్యమా, గౌరవం ముఖ్యమా?” లాంటి ప్రశ్నలు వేయలేదు. ఉద్యోగంలో మీ మనసు చాలా ఆనందంగా ఉన్న సందర్భం ఒకటి చెప్పండి, అప్పుడేం జరిగింది? చాలా బాధపడ్డ సందర్భం చెప్పండి, అప్పుడేం జరిగింది? ఇలా కథలు చెప్పించుకుని, ఒక్కో కథలో ఏ కారణం పనిచేసిందో లెక్కగట్టారు.

లెక్క తేలాక ఒక వింత కనిపించింది. సంతోషం కథల్లో ఎక్కువగా వచ్చినవి పని గురించిన మాటలు: కష్టమైన పనిని సాధించడం, దానికి గుర్తింపు రావడం, పనిలోనే ఉన్న ఆసక్తి, బాధ్యత అప్పగించడం, పైకి ఎదగడం. బాధ కథల్లో వచ్చినవి వేరు: కంపెనీ నియమాలు, నెత్తిమీద కూర్చునే పైఅధికారి, జీతం, తోటివాళ్లతో పొసగకపోవడం, పనిచేసే చోటు బాగోలేకపోవడం. అంటే ఇవి పని గురించినవి కావు, పని చుట్టూ ఉన్నవి.

అందరూ అప్పటిదాకా అనుకున్నది వేరు. అసంతృప్తి ఒక కొస, సంతృప్తి ఇంకో కొస, మనిషి ఆ మధ్యలో ఎక్కడో ఉంటాడని. హెర్జ్‌బర్గ్ ఆ ఒక్క కొలబద్దను రెండుగా విరిచాడు. అసంతృప్తి పోతే మిగిలేది అసంతృప్తి లేకపోవడమే తప్ప సంతృప్తి కాదు. ఫ్యాను పాడైన గదిలో గుమాస్తా చిరాకుపడతాడు. ఏసీ పెట్టిస్తే ఆ చిరాకు పోతుంది. కానీ అదే ఫైలును అదే నీరసంతో, ఇప్పుడు చల్లగా కూర్చుని చూస్తాడు.

చుట్టూ ఉన్నవాటికి అతను హైజీన్ అంశాలు అని పేరు పెట్టాడు. హైజీన్ అంటే ఇక్కడ సబ్బుతో చేతులు కడుక్కోవడం కాదు. హెర్జ్‌బర్గ్ ప్రజారోగ్యం కూడా చదివినవాడు, ఆ పోలిక అక్కడిది. ఊరి మంచినీళ్లలో క్లోరిన్ కలిపితే కలరా రాదు. అంతమాత్రాన ఊళ్లో కుర్రాళ్లందరూ పహిల్వాన్లు అయిపోరు. కండ కావాలంటే కసరత్తు వేరే చేయాలి. ఆ కసరత్తుకు సమానమైనవి పనిలోనే ఉన్న ప్రేరకాలు, అంటే మోటివేటర్లు.

ఇప్పుడు మాస్లో దగ్గరికి వద్దాం. ఏబ్రహాం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో మనిషి అవసరాలను వరసలో పెట్టాడు: తిండి, నిద్ర, ఆపైన భద్రత, తర్వాత తోడు, ప్రేమ, తర్వాత గౌరవం, చివర తనలోని శక్తిని పూర్తిగా బయటపెట్టుకోవడం. (అందరూ గీసే ఆ పిరమిడ్ బొమ్మ మాస్లో గీసింది కాదు, తర్వాతివాళ్లు గీసింది.) పాఠ్యపుస్తకాలు కింది మూడు మెట్లు హైజీన్, పై రెండు మెట్లు ప్రేరకాలు అని జతకలుపుతాయి. పైకి చూస్తే అతికినట్టే ఉంటుంది. గౌరవం దగ్గరికి వచ్చేసరికి అతుకు ఊడుతుంది. ఆఫీసులో పెద్ద కుర్చీ, విడిగా గది, ఇవి హోదా. హెర్జ్‌బర్గ్ లెక్కలో హోదా హైజీన్. చేసిన పనికి దక్కే గుర్తింపు మాత్రం ప్రేరకం. మాస్లో ఒకే మెట్టు మీద కూర్చోబెట్టిన రెండింటిని హెర్జ్‌బర్గ్ చెరో గదిలో పెట్టాడు.

అసలు తేడా ఇంతకంటే లోతుది. మాస్లో అడిగింది మనిషి లోపల ఏముందని. హెర్జ్‌బర్గ్ అడిగింది ఉద్యోగం లోపల ఏముందని. మాస్లో ప్రకారం ఆకలిగా ఉన్నవాణ్ణి కూలి డబ్బు పరుగెత్తిస్తుంది. ఆ అవసరం తీరాకే దాని బలం తగ్గుతుంది. హెర్జ్‌బర్గ్ మాత్రం జీతానికి ఆ గౌరవం కూడా ఇవ్వడు. తక్కువైతే మండుతుంది, సరిపోతే చల్లారుతుంది, అంతే అంటాడు. నాకు ఇది అతిగానే తోస్తుంది. అతని మొదటి అధ్యయనంలోనే జీతం బాధ కథల్లోనూ వచ్చింది, సంతోషం కథల్లోనూ వచ్చింది. జీతం పెంపు చాలామందికి డబ్బు మాత్రమే కాదు, “నీ పని మేం చూశాం” అనే మాట కూడా.

అవసరాల బాటలోనే నడిచిన మరో ఇద్దరిని ఇక్కడ తలచుకోవాలి. 1969లో క్లేటన్ ఆల్డర్‌ఫర్ మాస్లో ఐదింటిని మూడు చేసి, ఒక మాట చేర్చాడు: పైమెట్టు దారి మూసుకుపోతే మనిషి కిందిమెట్టు కోసం మరింత పట్టుబడతాడు. ఎదుగుదల లేని ఉద్యోగంలో అలవెన్సుల మీద తగాదాలు ఎందుకు పెరుగుతాయో ఇది చక్కగా చెబుతుంది. డేవిడ్ మెక్లిలాండ్ దారి వేరు. అందరికీ ఒకే నిచ్చెన ఉండదు, సాధించాలనే తపన కొందరిలో ఎక్కువ, దాన్ని శిక్షణతో పెంచవచ్చు అన్నాడు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి 1960ల మధ్యలో అతని బృందం ఎంచుకున్న ఊళ్లలో మన కాకినాడ ఒకటి. అక్కడి చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ద్వారా తరగతులు నడిపారు. మెక్లిలాండ్ మనిషిని మార్చబోయాడు. హెర్జ్‌బర్గ్ అయితే పనిని మార్చమనేవాడు.

ఇక హెర్జ్‌బర్గ్ మీద వచ్చిన పెద్ద అనుమానం. 1964లో విక్టర్ వ్రూమ్ ఎత్తిచూపింది మనందరికీ ఇంట్లో తెలిసినదే. పరీక్ష పాసైతే నేను చదివాను అంటాం, తప్పితే పేపరు కష్టంగా ఇచ్చారంటాం. ఆనందం కథ చెప్పమంటే మనిషి తన విజయం చెబుతాడు, బాధ కథ చెప్పమంటే పైవాడి మీదికో కంపెనీ మీదికో నెడతాడు. అలాంటప్పుడు రెండు జాబితాలు ఉద్యోగంలోంచి వచ్చాయా, కథ చెప్పే అలవాటులోంచి వచ్చాయా? వేరే పద్ధతుల్లో అడిగినవాళ్లకు రెండు గదుల మధ్య గోడ అంత గట్టిగా కనపడలేదు. హెర్జ్‌బర్గ్ 1968లో ఇచ్చిన లెక్కలే చూడండి. 12 అధ్యయనాలు కలిపితే సంతృప్తి కారణాల్లో 81 శాతం ప్రేరకాలు, అసంతృప్తి కారణాల్లో 69 శాతం హైజీన్. అంటే అసంతృప్తిలో మిగతా 31 శాతం ప్రేరకాల వైపునుంచే వచ్చింది. గోడకు అంత పెద్ద కిటికీ ఉంది.

కథల మీద అనుమానం వచ్చినప్పుడు, పనిని నిజంగా మార్చి చూడటమే దారి. అదే 1968 వ్యాసంలో హెర్జ్‌బర్గ్ అలాంటి ప్రయోగం ఒకటి వివరించాడు. ఒక పెద్ద కంపెనీలో వాటాదారులు రాసే ఉత్తరాలకు జవాబులు రాసే విభాగం అది. ఏరి, శిక్షణ ఇచ్చి తీసుకున్న ఉద్యోగినులు. పని చూస్తే బుర్రకు పదును పెట్టేదే. అయినా పనితీరు బాగోలేదు, మనసులూ బాగోలేవు. ఎందుకంటే వాళ్లు రాసిన ప్రతి ఉత్తరాన్నీ సూపర్‌వైజరు దిద్దేవాడు, కింద సంతకమూ సూపర్‌వైజరుదే.

మొదట వచ్చిన సలహాలు ఎలాంటివంటే: రోజుకు ఇన్ని ఉత్తరాలని గట్టి కోటా పెట్టడం, రాసినవాళ్లతోనే టైపు కూడా చేయించడం, కష్టమైన ఉత్తరాలన్నీ కొందరికే ఇచ్చి మిగతావాళ్లను వేగంగా రాయించడం, అప్పుడప్పుడు విభాగాలు మార్చడం. వీటన్నిటినీ పక్కన పెట్టారు. విసుగు పనికి ఇంకో విసుగు పని చేరిస్తే సున్నకు సున్న కలిపినట్టే. ఇక్కడే చాలా ఆఫీసులు బోల్తా పడతాయి. పని బరువు పెంచి, దానికి బాధ్యత పెంచామని పేరు పెడతాయి.

చేసినవి వేరు. ఒక్కో రకం సమస్యలో నిపుణురాలిని గ్రూపు నుంచే నియమించారు. సందేహం వస్తే సూపర్‌వైజరు కంటే ముందు ఆమెను అడగాలి. ఉత్తరం కింద రాసినవాళ్ల సంతకమే పెట్టించారు. అనుభవం ఉన్నవాళ్ల ఉత్తరాల తనిఖీని నూటికి నూరు నుంచి పదికి తగ్గించారు, ఆ తనిఖీ కూడా వాళ్ల బల్ల దగ్గరే. ఉత్తరాలు సూపర్‌వైజరు బల్ల మీదుగా పోకుండా నేరుగా పోస్టు గదికి వెళ్లాయి. అచ్చు వాక్యాలు వదిలి, ఎదుటి మనిషికి తగ్గట్టు రాయమన్నారు. తప్పొప్పులకు రాసినవాళ్లదే పూచీ. ఈ మార్పులు రెండు నెలల్లో, వారానికి సుమారు ఒకటి చొప్పున వచ్చాయి. పోల్చడానికి పాత పద్ధతిలోనే నడిచే గ్రూపు ఒకటి ఉంచారు. మార్పు చేస్తున్నామన్న హడావుడే ఉత్సాహం పుట్టిస్తుందేమో చూడటానికి మరో రెండు గ్రూపులు పెట్టారు.

మొదటి నెలల్లో పనితీరు పెరగలేదు సరికదా, పడిపోయింది. కొత్త బాధ్యత భుజాన పడ్డవాళ్లు తడబడ్డారు. అప్పుడే గాభరాపడి పాత పద్ధతికి మళ్లి ఉంటే, ఈ సిద్ధాంతం పనిచేయదని రాసుకునేవాళ్లు. ఆగారు కాబట్టి ఆరు నెలలు తిరిగేసరికి ఆ గ్రూపు మిగతావాళ్లను దాటేసింది. పని మీద ఇష్టం పెరిగింది, గైర్హాజరు తగ్గింది. ఇబ్బంది పడింది సూపర్‌వైజర్లు. దిద్దే పని పోయేసరికి కొంతకాలం తాము చేయడానికేమీ లేదనిపించింది. తర్వాత మనుషులకు శిక్షణ ఇవ్వడం, వాళ్ల పనిని సమీక్షించడం అనే అసలు పని వాళ్లకు దొరికింది.

ఇది ఒక్క కంపెనీ, ఒక్క విభాగం. చదువుకున్న ఉద్యోగులు, పనిలో ముందే పదును ఉన్నచోటు. బాధ్యత వద్దు, సమయానికి ఇంటికి పోనిస్తే చాలు అనుకునేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, వాళ్లమీద ఈ మందు ఎంత పనిచేస్తుందో ఈ ప్రయోగం చెప్పదు. రెండు గదుల సిద్ధాంతం మొత్తం నిజమని నేను ఒప్పుకోను. పనిని మార్చమన్న సలహా మాత్రం నిలబడింది. 1976లో హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ దాన్నే తీసుకుని, ఎదుగుదల కోరేవాళ్లకే అది ఎక్కువగా పనికొస్తుందన్న షరతు చేర్చారు.

ఉత్తరాల విభాగంలో ఆ ఆరు నెలల్లో జీతాలు, కంపెనీ అంతటా మామూలుగా పెరిగినంతే పెరిగాయి.