అడ్వాన్స్‌ల ఎంత కటింగ్? కిరాయిదారే లెక్క రాసియ్యాలె

మన సికింద్రాబాద్ దిక్కు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్క ఎప్పుడూ ఓనరే చెప్తడు. నోటితోనే చెప్తడు. రంగులకు ఇంత, కరెంటుకు ఇంత, రిపేర్లకు ఇంత అని వేళ్ల మీద లెక్కపెట్టి, మిగిలిన నోట్లు చేతుల పెడ్తడు. కిరాయిదారు గొణుక్కుంట తీసుకుంటడు, ఎందుకంటె కొత్త ఇంటి ఓనరుకు అప్పటికే అడ్వాన్స్ ఇయ్యాలె, లారీ కిరాయి ఇయ్యాలె. నేను మారేడ్‌పల్లిల మూడేండ్లు ఉన్న ఇల్లు ఖాళీ చేసినప్పుడు దీన్ని ఉల్టా చేసిన. లెక్క నేనే రాసి ఓనరుకు ఇచ్చిన. ఆ కాగితంల ఏం రాసిన, ఎందుకు అట్ల రాసిన అన్నది అందరికీ పనికొస్తదని ఇక్కడ పెడ్తున్న.

కిరాయి నెలకు 16,000. అడ్వాన్స్ రెండు నెలలది, 32,000. ఓనరు చెప్పిన కటింగ్ ఇది: రంగులకు ఒక నెల కిరాయి 16,000, కరెంటు బిల్లు 1,290, బాత్‌రూంల నల్లా, ఫ్లష్ ట్యాంకు 1,800, గీజర్ కొత్తది 5,500. మొత్తం 24,590. నా చేతికి వచ్చేది 7,410.

ముందు కరెంటు సంగతి చెప్త, ఎందుకంటె చాన మంది దీన్ని చూడకుండ వదిలేస్తరు. నేను 22వ తారీఖు తాళాలు ఇచ్చిన. మీటర్ రీడింగ్ తీసేది ప్రతి నెల 5న. 28న కొత్త కిరాయిదారు దిగిండు, ఏసీ పెట్టిండు. 5న వచ్చిన బిల్లు 218 యూనిట్లది. ఆ బిల్లు మొత్తం నా ఖాతాల పడ్డది. తాళాలు ఇచ్చిన రోజు నేను మీటర్ ఫొటో తీసి, ఓనరుకు వాట్సాప్‌ల పంపి ఉన్న. దాని ప్రకారం నేను కాల్చింది 140 యూనిట్లు.

అయితే 218ల 140 వంతు పంచుకుంటె సరిపోతది కదా అంటరు కొందరు. సరిపోదు. మన దగ్గర ఇండ్ల కరెంటు రేటు మొత్తం వాడకాన్ని బట్టి మారుతది. 100 దాటి 200 యూనిట్ల లోపల ఉంటె మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాతి 100కు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే మొదటి 200 యూనిట్లకు కూడ 5.10 పడ్తది, ఆపైన యూనిట్‌కు 7.70. 201 యూనిట్లకు 1,027 దాటుతది. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైన దెబ్బ. నేను దిగిపోయినంక వేరేటోళ్లు కాల్చిన కరెంటుతోని నా 140 యూనిట్లు కూడ పై రేటుకు ఎక్కినయి. అందుకే నా యూనిట్లకు నా స్లాబ్ ప్రకారమే కట్టిన: 100కు 340, 40కి 192, కలిపి 532. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, డ్యూటీ 118. మొత్తం 650. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేటోళ్లకు ఇది ఇంకా పెద్ద సంగతి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలె కాబట్టి, మీరు ఖాళీ చేసినంక ఎవరో కాల్చిన యూనిట్లతోని మీ సున్న బిల్లు వెయ్యి రూపాయలైతది.

కరెంటు బిల్లులనే ఇంకోటి ఉంటది, ఏసీడీ అని. అడిషనల్ కన్సంప్షన్ డిపాజిట్. 2023 జనవరిల మన రాష్ట్రంల దీని మీద మస్తు లొల్లి అయింది. ఇది వాడిన కరెంటుకు కట్టే పైసలు కాదు. వాడకం పెరిగిందని డిస్కం కనెక్షన్ మీద పెట్టుకునే డిపాజిట్. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటె ఆ డిపాజిట్ వాళ్లది. మనం ఖాళీ చేసి పోతే అది మనెంట రాదు, ఓనరు సర్వీస్ నంబర్ మీదనే ఉంటది. నేను ఉన్నప్పుడు బిల్లుల కలిపి వచ్చిన 940 నేనే కట్టిన. కాబట్టి అది నాకు వాపస్ రావాలె. పాత బిల్లులు తీసి చూసుకోండ్రి, మీ దాంట్ల కూడ ఉండొచ్చు.

ఇగ రిపేర్లు. ఇక్కడ మన దిక్కు చట్టం ఏమంటదో జెర తెల్సుకోవాలె. పాత రెంట్ కంట్రోల్ చట్టం కార్పొరేషన్ ఏరియాలల్ల నెలకు 3,500 దాటిన కిరాయి ఇండ్లకు వర్తించదు. అంటే మారేడ్‌పల్లిల ఇప్పుడు దాదాపు ఏ ఇల్లూ దాని కిందికి రాదు. మిగిలేది మన అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాంట్ల 108వ సెక్షన్ చెప్పేది ఏందంటె, కిరాయిదారు ఇల్లు ఎట్ల తీసుకున్నడో అట్లనే అప్పజెప్పాలె, కాని మామూలు వాడకంతోని అరిగింది, పాతబడ్డది లెక్కల రాదు. కేంద్రం 2021ల తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా సాఫ్‌గ చెప్తది. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు మార్చుడు, లోపలి వైరింగ్ ఓనరు పని. నల్లాలు, వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేరు, కిటికీ అద్దాలు కిరాయిదారు పని. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనది చేసుకుంటెనే చట్టమైతది. అయినా ఎవరి పని ఏదో మాట్లాడుకునేటందుకు మంచి కొలబద్ద. నేను దాన్నే పట్టుకున్న, నాకు నష్టమున్న కాడ కూడ.

అందుకే నల్లా, ఫ్లష్ ట్యాంకు 1,800 పూర్తిగ ఒప్పుకున్న. బిల్లు చూపించిండు, సరే అన్న. గీజర్ దగ్గర ఒప్పుకోలే. అది నేను దిగే ముందటి నుంచే ఉన్నది, ఏడేండ్ల పాతది. బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ, అది ఎలిమెంట్ మీద పొరలు పొరలుగ పేరుకపోయి ఎలిమెంట్ కాలిపోయింది. మెకానిక్‌తోని చీటీ రాయించిన: ఎలిమెంట్, థర్మోస్టాట్ మార్చేటందుకు 1,400. రిపేరు నాది, కొత్తది కొనుడు నాది కాదు. ఒకవేళ కొత్తదే కావాలన్నా, పదేండ్లు నడిచే వస్తువు ఏడేండ్లు నడిచినంక మిగిలింది మూడొంతులే. 5,500ల పదింట మూడొంతులు 1,650. రెండిట్ల తక్కువది 1,400, అదే రాసిన.

రంగుల కాడికి వస్తే అసలు కథ. ఖాళీ చేస్తె ఒక నెల కిరాయి రంగులకు అన్నది మన దగ్గర రివాజ్ అయిపోయింది. కాని రివాజ్ వేరు, రాసుకున్నది వేరు. అగ్రిమెంటుల ఆ మాట ఉంటె మీరు సంతకం పెట్టిండ్రు కాబట్టి వాదన కష్టం. నా అగ్రిమెంటుల లేదు. మూడేండ్లల్ల గోడలు మాసుడు మామూలు అరుగుడే. కాని పిల్లల రూంల ఒక గోడ మీద క్రేయాన్లు గీసిండ్రు, మొలల బొక్కలున్నయి. అది మామూలు అరుగుడు కాదు, అది మాదే. పెయింటర్‌ను అడిగితే పుట్టీ, రెండు కోట్లు కలిపి చదరపు అడుగుకు 15 అన్నడు. గోడ 12కి 10, అంటే 120 అడుగులు, 1,800. ఇంకో సంగతి, 22న తాళాలిస్తే 28న కొత్తోళ్లు దిగిండ్రు. పోయి చూస్తే ముందు హాల్‌కు ఒక కోటు తప్ప ఏం వెయ్యలే.

కాగితం ఇట్ల రాసిన:

“అంకుల్, నమస్తే. 22వ తారీఖు సాయంత్రం మూడు తాళంచెవులు మీకు అప్పజెప్పిన. కిరాయి ఆ నెల వరకు కట్టేసిన. నేను దిగినప్పుడు మీ దగ్గర పెట్టిన అడ్వాన్స్ 32,000. దీంట్లకెళ్లి మీరు పట్టుకోవలసింది: కరెంటు 140 యూనిట్లకు 650, నల్లా, ఫ్లష్ 1,800, గీజర్ రిపేరు 1,400, పిల్లల రూం గోడ 1,800. మొత్తం 5,650. నాకు కలపవలసింది: నేను కట్టిన ఏసీడీ 940, మీరు ‘చేయించు, కిరాయిల పట్టుకుందాం’ అని మెసేజ్ పెట్టిన ట్యాంకు పైపు రిపేరుకు 2,600, అది అప్పుడు పట్టుకోలే. మొత్తం 3,540. నాకు రావలసింది 29,890. మీటర్ ఫొటో, బిల్లులు, గీజర్ మెకానిక్ చీటీ వెంట పెట్టిన. ఏ లైన్ తప్పనిపిస్తే ఆ లైన్ పక్కన మీ లెక్క రాయండి. పదిహేను రోజులల్ల పంపగలరు.”

‘ఆ లైన్ పక్కన మీ లెక్క రాయండి’ అన్న మాటే ఎక్కువ పనిచేసింది. మొత్తం మీద లొల్లి పెట్టుకునుడు ఆయనకు అలవాటే, కాని ఒక్కో లైన్ పక్కన అంకె రాసుడు అలవాటు లేదు. కరెంటుకు మీటర్ ఫొటో చూసి గమ్మున ఉన్నడు. పైపు రిపేరు ఆయన మెసేజే. నేను పెట్టిన ఖర్చు వాపస్ ఇయ్యకుంటె అదే 108వ సెక్షన్ కింద అడగొచ్చు, ఓనరు చెయ్యాల్సిన రిపేరు చెప్పినా చెయ్యకపోతే కిరాయిదారు చేయించి కిరాయిల పట్టుకోవచ్చని దాంట్ల ఉన్నది. గీజర్ మీద జెర గుర్రుమన్నడు, మెకానిక్ చీటీ ఆగబట్టింది. రంగుల కాడ మాత్రం కదల్లే. “అందరి దగ్గర తీసుకుంట, నీకొక్కనికే వదిలేస్తె ఎట్ల?” అన్నడు. ఆంటీ మధ్యల పడి సగం కిరాయి అన్నది. 1,800 ఉన్న కాడ 8,000 అయింది, ఇంకా 6,200 తగ్గింది. 23,690 ఫోన్ల రెండు సార్లు పంపిండు.

ఆ 6,200 నేను ఎందుకు వదిలిన అంటే, వకీల్ నోటీసుకే చాన పైసలైతయి. ఆపైన కోర్టు తిరుగుడు. కాని 7,410 తీసుకొని పోవుమంటె మాత్రం ఊకోకపోదును. అసలు లెక్కే ఒప్పుకోని ఓనరైతే జిల్లా న్యాయ సేవల సంస్థల దరఖాస్తు పెడితే, కేసు వెయ్యకముందే ఇద్దరినీ పిలిచి కూసోబెట్టి మాట్లాడిస్తరు. అక్కడ కూడ ముందు అడిగేది కాగితమే.

ఇంకొకటి. తాళాలు ఇచ్చే ముందే ఓనరుతోని ఇల్లంత తిరుగుకుంట ఫోన్ల వీడియో తియ్యండ్రి. దిగిన రోజుది ఉంటె ఇంకా మంచిది. పెట్టిన మెసేజ్‌లు తీసెయ్యకండ్రి. అడ్వాన్స్ చేతికి ఇచ్చి ఉంటె, అగ్రిమెంటుల ఆ అంకె రాసి ఉన్నదా లేదా చూసుకోండ్రి. లేకపోతే ఇప్పుడే, ఇంట్ల ఉండంగనే, ఓనరుకు “అడ్వాన్స్ 32,000 మీ దగ్గర ఉన్నది కదా అంకుల్” అని ఒక మెసేజ్ పెట్టి, ఆయన ‘అవును’ అనేదాక ఆగండ్రి.