ఐటీసీ సిగరెట్ కంపెనీయా, బిస్కెట్ కంపెనీయా?

బూర్గంపాడు మండలం సారపాకలో, గోదావరి ఒడ్డున ఓ పెద్ద కాగితం మిల్లుంది. జనం నోట భద్రాచలం పేపర్ మిల్లు. రైతులు పెంచిన సుబాబుల్, జామాయిల్ కర్ర అక్కడ గుజ్జై, కాగితమై, అట్టై బయటికొస్తుంది. ఆ కాగితంలో కొంత క్లాస్‌మేట్ నోటుపుస్తకంగా మారి బడిపిల్లల సంచుల్లోకి చేరుతుంది. అట్టలో కొంత సిగరెట్ పెట్టెలకూ బిస్కెట్ పెట్టెలకూ వెళ్తుంది. గుంటూరు పొగాకు, ఆశీర్వాద్ గోధుమపిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లు, హైదరాబాద్‌లోని కోహెనూర్ హోటలు కూడా ఒక గొడుగు కింద పుట్టినవే. ఆ గొడుగు పేరు ఐటీసీ.

మరి ఇది ఏ వ్యాపారం చేసే కంపెనీ? జాబితాలు వేసేవాళ్లే ఒక మాట మీద లేరు. మన స్టాక్ ఎక్స్ఛేంజీల వర్గీకరణలో ఐటీసీ, హిందుస్థాన్ యూనిలీవర్ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. అక్కడ ఇది రకరకాల నిత్యావసరాలు అమ్మే ఎఫ్‌ఎంసీజీ కంపెనీ. విదేశీ ఫండ్లు ఎక్కువగా వాడే జిక్స్ అనే అంతర్జాతీయ వర్గీకరణలో మాత్రం ఇది పొగాకు కంపెనీ. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే కంపెనీ ఫలితాల్లో చాలామంది దాటేసే ఒక పేజీ దగ్గర ఆగాలి. అదే సెగ్మెంట్ రిపోర్టింగ్. అంటే వ్యాపారాల వారీ లెక్క.

మామూలు లాభనష్టాల ఖాతాలో అన్ని వ్యాపారాల డబ్బూ ఒకే కుండలో కలిసిపోతుంది. సెగ్మెంట్ పేజీ ఆ కుండలోది మళ్లీ విడివిడి గిన్నెల్లో వడ్డిస్తుంది. గిన్నెలు ఎలా ఉండాలో మన దేశంలో ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. దాని మూలసూత్రం తేలికైనదే. కంపెనీని నడిపే పెద్దలు లోపల ఏ ముక్కలుగా లెక్క చూసుకుని డబ్బు కేటాయిస్తారో, బయటివాళ్లకూ ఆ ముక్కలే చూపించాలి. రాబడి, లాభం, ఆస్తులు, ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోనైనా పదో వంతు దాటిన ముక్కను తప్పకుండా విడిగా చూపాలి. అంతకు తక్కువున్నా, చదివేవాళ్లకు ఉపయోగమనుకుంటే చూపవచ్చు.

హోటళ్లను విడదీయక ముందు ఐటీసీ ఐదు విభాగాలు చూపేది: సిగరెట్లు, ఇతర ఎఫ్‌ఎంసీజీ, హోటళ్లు, వ్యవసాయ వ్యాపారం, కాగితం-ప్యాకేజింగ్. 2022-23 లెక్క చూద్దాం. అనుబంధ కంపెనీలను కలపకుండా, ఐటీసీ ఒక్కదాని లెక్క ఇది. విభాగాల రాబడులన్నీ కూడితే సుమారు 77,170 కోట్ల రూపాయలు. అందులో సిగరెట్లవి 28,200 కోట్లు, అంటే నూటికి 37. బిస్కెట్లు, పిండి, నోటుపుస్తకాలు, సబ్బులు ఉన్న ఇతర ఎఫ్‌ఎంసీజీది 19,100 కోట్లు. వ్యవసాయ వ్యాపారం దాని వెనకే, 18,200 కోట్ల దగ్గర ఉంది. ఇంతవరకే చూస్తే ఐటీసీ నిజంగానే నాలుగు దారుల కూడలి. సిగరెట్లకు సగం వాటా కూడా లేదు.

ఇప్పుడు చూపు పక్క వరుసకు, విభాగాల లాభం దగ్గరికి జరపాలి. వడ్డీ, పన్ను తీయక ముందు అన్నీ కలిపి సుమారు 23,500 కోట్లు. అందులో ఒక్క సిగరెట్లవే 17,900 కోట్లు, అంటే నూటికి 76. అన్ని బ్రాండ్లు, అన్ని ప్రకటనలు ఉన్న ఇతర ఎఫ్‌ఎంసీజీ తెచ్చింది 1,370 కోట్లు. నూరు రూపాయల సరుకు అమ్మితే సిగరెట్లలో 63 రూపాయలకు పైగా మిగిలితే, ఇక్కడ ఏడు రూపాయలు మిగిలాయి. పైగా సిగరెట్ రాబడిలో ఎక్సైజ్ సుంకం కూడా కలిసే ఉంటుంది. దాన్ని తీసేసి చూస్తే మిగులు ఇంకా ఎక్కువే.

జిక్స్ తీర్పు వెనకున్నది ఇలాంటి లెక్కే. దాని నియమం ప్రకారం రాబడిలో నూటికి 60 ఒకే వ్యాపారం నుంచి వస్తే ఆ పేరే పెడతారు. రాకపోతే లాభాలు కూడా తూస్తారు. మూడు, అంతకు మించిన రంగాల్లో పరుచుకుని, ఏ ఒక్కటీ రాబడిలోగానీ లాభంలోగానీ సగం దాటకపోతేనే ‘కలగూరగంప’ కంపెనీల గంపలో వేస్తారు. ఐటీసీ రాబడి ఆ గంపలో పడేలాగే ఉంది, లాభం మాత్రం పడనివ్వదు.

అయితే గిన్నెల మీది అంకెలను కళ్లకద్దుకోకూడదు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి సరుకు పోతూ ఉంటుంది. వ్యవసాయ విభాగం కొన్న పొగాకు ఆకు సిగరెట్ల విభాగానికీ, గోధుమలు ఆశీర్వాద్ పిండికీ వెళ్తాయి. సారపాక కాగితం నోటుపుస్తకాలకు వెళ్తుంది. అదంతా ఒక విభాగం ఇంకో విభాగానికి అమ్మినట్టు రాస్తారు. అందుకే విభాగాలన్నీ కూడితే 77,170 కోట్లున్నది, ఈ ఇంటిలోపలి అమ్మకాలు తీసేశాక కంపెనీ మొత్తం రాబడిగా 69,480 కోట్ల దగ్గర తేలింది. తేడా దాదాపు 7,700 కోట్లు. అందులో ఎక్కువ భాగం వ్యవసాయం, కాగితం విభాగాలదే. ఇంటిలోపలి అమ్మకానికి ఏ ధర వేశారన్నదాన్ని బట్టి ఒక విభాగం లాభం పెరిగి, ఇంకోదానిది తరుగుతుంది. కాబట్టి విభాగాల మధ్య అమ్మకాల వరుస పెద్దదిగా కనిపిస్తే, ఆ విభాగాల లాభశాతాన్ని కచ్చితమైన అంకెగా కాక అంచనాగా తీసుకోవాలి.

‘కేటాయించనివి’ అన్న వరుస ఇంకోటి ఉంది. ప్రధాన కార్యాలయం ఖర్చులు, మిగులు డబ్బు పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం ఏ విభాగానికీ చెందకుండా అక్కడ ఉంటాయి. ఆ వరుస ఏటేటా ఉబ్బుతుంటే, విభాగాలు తమ అసలు ఖర్చు మోయడం లేదేమోనని అనుమానించాలి. ‘ఇతర’ అన్న మాటతో మొదలయ్యే విభాగాలూ అంతే. సబ్బు, పిండి, అగరొత్తులు, నోటుపుస్తకాలు ఒకే గిన్నెలో ఉన్నప్పుడు ఏది లాభం, ఏది బరువు అన్నది బయటివాళ్లకు తెలియదు.

మూడో వరుస ఆస్తులది. హోటళ్ల సంగతి అక్కడే బయటపడుతుంది. 2022-23లో హోటళ్లు తెచ్చింది రాబడిలో నూటికి మూడు, లాభంలో రెండు పైచిలుకు. కానీ భూమి, భవనాలు, గదులు కావాలంటే ముందే బోలెడు డబ్బు పోయాలి, అది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక విభాగం లాభాన్ని దాని ఆస్తులతో భాగిస్తే ఈ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. సిగరెట్ల డబ్బు హోటళ్లలో ఇరుక్కుంటోందని మదుపరులు ఏళ్లతరబడి అన్న గొణుగుడుకు మూలం ఈ భాగహారమే.

చివరికి ఐటీసీ హోటళ్లను వేరు కాపురం పెట్టించింది. 2025 జనవరి 1 నుంచి విభజన అమల్లోకి వచ్చింది. పది ఐటీసీ షేర్లున్నవారికి ఒక ఐటీసీ హోటల్స్ షేరు దక్కింది. జనవరి 29న ఆ షేరు మార్కెట్లోకి వచ్చింది. కొత్త కంపెనీలో ఐటీసీకి దాదాపు 40 శాతం వాటా ఉండిపోయింది. కాబట్టి పాత వార్షిక నివేదికను కొత్తదాని పక్కన పెట్టి చదివేవారు ముందుగా విభాగాల పేర్లు సరిపోల్చుకోవాలి. పాతదానిలో ఐదు గిన్నెలుంటాయి, కొత్తదానిలో హోటళ్ల గిన్నె ఉండదు.