పుష్ నొక్కితే పోయే ఆర్డర్లు: స్టేజింగ్ కాపీపై అపోహలు – వాస్తవాలు

మంగళగిరి చీరలు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం ఒకటి ఉందనుకుందాం. సైటు వర్డ్‌ప్రెస్‌ది, అమ్మకాలు వూకామర్స్ మీద. దసరాకు ముందు సైటు రూపు మార్చాలి. డిజైనరు సోమవారం పొద్దున సైటు మొత్తానికి కాపీ తీసి, ఆ స్టేజింగ్ సైటులో పని మొదలుపెట్టాడు. ఇంతవరకు చేసింది సరైన పనే. చిక్కంతా కాపీ మీద మనం పెట్టుకునే నమ్మకాలతోనే వస్తుంది.

అపోహ: కాపీలో ఏం చేసినా బయటివాళ్లకు తెలియదు.

కాపీలోకి డిజైను ఒక్కటే రాదు. కొనుగోలుదారుల ఈమెయిళ్లు, మెయిల్ పంపే సెట్టింగులు, పేమెంట్ గేట్‌వే అసలు కీలు కూడా వచ్చేస్తాయి. ఆర్డరు పేజీ ఎలా కనబడుతుందో చూద్దామని డిజైనరు ఒక పాత ఆర్డరు స్థితిని ‘పూర్తయింది’ అని మార్చాడంటే, ఆ మెయిల్ నిజంగా చీర కొన్నావిడకే పోతుంది. అందుకే కాపీ తీయగానే మెయిళ్లు ఆపాలి, గేట్‌వేని టెస్ట్ మోడ్‌లో పెట్టాలి. చాలామంది wp-config.php ఫైల్లో ఈ వరుస చేర్చి నిశ్చింతగా ఉంటారు:

```
define( 'WP_ENVIRONMENT_TYPE', 'staging' );
```

ఇది వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ఉంది, మంచిదే. కానీ ఇది ‘నేను స్టేజింగ్‌ని’ అని చెప్పే చీటీ మాత్రమే. దాన్ని చదివి నడుచుకునే ప్లగిన్లు నడుచుకుంటాయి, మిగతావి పట్టించుకోవు. మెయిళ్లను ఇది ఆపదు.

సెర్చ్ ఇంజన్లను రావద్దనే టిక్కు కూడా అలాంటిదే. అది విన్నపమే కానీ తాళం కాదు. లింకు తెలిసిన ఎవరైనా లోపలికి రావచ్చు. సర్వర్ దగ్గరే పాస్‌వర్డ్ పెట్టడం గట్టి దారి.

అపోహ: పని అయ్యాక ‘పుష్ టు లైవ్’ నొక్కితే సరి.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. కాపీ తీసేనాటికి చివరి ఆర్డరు నంబరు 2146. డిజైనరు పనిలో ఉండగా అసలు సైటులో అమ్మకాలు ఆగవు కదా. గురువారానికి ఇంకో 12 ఆర్డర్లు వచ్చాయి. ఆ రాత్రి స్టేజింగ్ డేటాబేస్ మొత్తాన్ని లైవ్ మీదికి తోస్తే, దుకాణం తిరిగి సోమవారం పొద్దుటికి వెళ్లిపోతుంది. ఆ 12 ఆర్డర్లు ఉండవు. మధ్యలో ఖాతా తెరిచినవాళ్లు లాగిన్ కాలేరు. చేనేతలో ఒక్కటంటే ఒక్కటే ఉండే చీరలు ఎక్కువ. మంగళవారం అమ్ముడైన చీర మళ్లీ ‘స్టాకులో ఉంది’ అని కనబడి ఇంకొకరికి అమ్ముడవుతుంది.

పైగా కొత్త ఆర్డర్లకు పాత నంబర్లే మళ్లీ పడొచ్చు. గేట్‌వే రికార్డులో 2147 ఒకరిది, సైటులో 2147 వేరొకరిది. నష్టం బయటపడేది సాధారణంగా అక్కడే: గేట్‌వేలో జమైన డబ్బుల జాబితాకూ సైటు ఆర్డర్ల జాబితాకూ పొంతన కుదరదు. పుష్‌కు ముందే తీసిన బ్యాకప్ ఉంటే పోయిన ఆర్డర్లను వెతికి తెచ్చుకోవచ్చు. లేదంటే గేట్‌వే జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోను చేయాల్సిందే.

పాటించాల్సిన పద్ధతి ఇది: ఆర్డర్లూ ఖాతాలూ లైవ్ నుంచి స్టేజింగ్‌కే రావాలి, డిజైను మాత్రమే స్టేజింగ్ నుంచి లైవ్‌కు వెళ్లాలి.

అపోహ: అయితే థీమ్ ఫోల్డరు ఒక్కటి కాపీ చేస్తే చాలు.

పాతకాలపు థీముల్లో, మార్పులన్నీ ఫైళ్లలోనే చేస్తే, ఇది చాలావరకు నిజం. బ్లాక్ థీముల్లో కాదు. సైట్ ఎడిటర్‌లో హెడర్ మార్చినా, రంగులు మార్చినా అవి ఫైళ్లలోకి వెళ్లవు, డేటాబేస్‌లో wp_template_part, wp_global_styles లాంటి పేర్లతో ఉంటాయి. కస్టమైజర్ సెట్టింగులదీ అదే దారి. ఫోల్డరు మాత్రమే పంపితే సైటు పాత రూపులోనే ఉంటుంది.

దీనికి సైట్ ఎడిటర్‌లోనే ఎక్స్‌పోర్ట్ ఉంది. అది మార్పులతో సహా థీమ్‌ను జిప్ ఫైలుగా ఇస్తుంది. దాన్ని లైవ్‌లో ఎక్కించాక కూడా హెడర్ మారలేదంటే కంగారు పడక్కర్లేదు. ఎప్పుడో లైవ్‌లో ఎవరో చేసిన మార్పు డేటాబేస్‌లో మిగిలి ఉంటుంది, ఫైలు కన్నా దానికే ప్రాధాన్యం. ఆ టెంప్లేట్‌ను రీసెట్ చేస్తే కొత్తది బయటికొస్తుంది. రీసెట్‌తో ఆ పాత మార్పు పోతుంది కాబట్టి, అందులో దాచుకోవాల్సింది ఏమైనా ఉందేమో ముందే చూసుకోవాలి.

అపోహ: స్టేజింగ్‌లో బాగుంటే లైవ్‌లోనూ బాగుంటుంది.

చాలాసార్లు అంతే. కానీ స్టేజింగ్‌లో క్యాష్‌ను ఆపి ఉంచడం మామూలు, లైవ్‌లో అది నడుస్తూనే ఉంటుంది. కొత్త పేజీకి పాత సీఎస్‌ఎస్ తగులుకుని బొమ్మలు ఒకదాని మీదొకటి పడొచ్చు. క్యాష్ ఖాళీ చేసి, లాగిన్ కాని ఫోనులో చూడాలి. టెస్ట్ మోడ్‌లో పెట్టిన గేట్‌వే ఎలాగూ స్టేజింగ్‌లో అసలు డబ్బు తీసుకోలేదు. కాబట్టి లైవ్‌కు వెళ్లాక తక్కువ ధర వస్తువొకటి నిజంగా కొని, డబ్బు జమైందీ, మెయిల్ వచ్చిందీ చూసుకుని, రిఫండ్ చేసుకోవాలి.