‘సెట్ చేసిన మేడమ్’ అంటే ఏం చేసినట్టు?

హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాల. ఆఖరి సంవత్సరం విద్యార్థులు ముప్పై మంది దాకా కూర్చున్నారు. వచ్చే నెలలో క్యాంపస్ ఇంటర్వ్యూలు. వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం తెలుగు కస్టమర్ల ఫోన్లు అందుకునే కాల్ సెంటర్లు, షోరూమ్‌లు, బ్యాంకుల తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగాలు. అంటే ఇంటర్వ్యూలో సగం తెలుగులోనే సాగుతుంది. ఆ రోజు తెలుగు మేడమ్ చెప్పబోయే పాఠం ‘ఇంటర్వ్యూలో మాట’. ఆమె బోర్డు మీద ఏమీ రాయలేదు. సాయంత్రాలు మొబైల్ షాపులో పనిచేసే ఒక అబ్బాయిని లేపి, ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్నే అడిగారు: “కోపంగా వచ్చిన కస్టమర్‌తో నువ్వు ఎలా నడుచుకున్నావో ఒక సంఘటన చెప్పు.”

అబ్బాయి తడుముకోలేదు. “ఒకాయన వచ్చి ఫుల్ లొల్లి చేసిండు మేడమ్. మా ఓనర్‌గాడేమో హ్యాండిచ్చిండు. ఇంగ నేనే కూల్ చేసి, మొత్తం సెట్ చేసిన. ఆయన ఫుల్ ఖుష్.”

క్లాసంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. అందరికీ అర్థమైంది కదా మరి.

మేడమ్ ఒక తెల్లకాగితం తీసి నాలుగు గళ్లు గీశారు. ఏం జరిగింది, నీ బాధ్యత ఏమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది. “ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు ఇలాంటి కాగితం ఒకటి ఉంటుంది. అందరినీ ఇదే ప్రశ్న అడుగుతారు. జవాబులో దొరికినది ఈ గళ్లలో రాసుకుంటారు, ఆ రాతను చూసి మార్కులు వేస్తారు. ఇప్పుడు చెప్పండి, ఇందులో నేనేం రాయాలి?” అని అడిగారు.

క్లాసు ఆలోచనలో పడింది. కస్టమర్ ఎందుకు గొడవ పడ్డాడు? తెలియదు. కూల్ చేయడమంటే ఏం చేశాడు? నీళ్లిచ్చాడా, క్షమాపణ చెప్పాడా, డబ్బు వాపసు ఇచ్చాడా? తెలియదు. నాలుగో గడిలో మాత్రం ఒక్క మాట రాయొచ్చు, ‘ఖుష్’ అని.

అప్పుడు మొదలైంది ఆమె అసలు ప్రసంగం. “వీధి మాట చెడ్డదని నేను చెప్పను. అది దోస్తుల మధ్య పుట్టిన మాట. దోస్తుకు సగం సంగతి ముందే తెలుసు కాబట్టి మిగతా సగం సైగలాంటి మాటతో సరిపోతుంది. ‘సెట్ అయింది రా’ అంటే ఏది సెట్ అయిందో వాడికి తెలుసు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నీ గురించి ఏమీ తెలియదు, తెలుసుకోవడానికే కూర్చున్నారు. వాళ్లకు సంగతి కావాలి. మనం సైగ ఇస్తున్నాం.”

ఒక్కో మాటనూ పట్టుకుని చూపించారు. ‘సెట్ చేయడం’ అంటే బాగుచేయడం కావచ్చు, రాజీ కుదర్చడం కావచ్చు, చేతిలో ఏదో పెట్టి నోరు మూయించడమూ కావచ్చు. బ్యాంకు ఉద్యోగానికి వెళ్లి ‘ఆ ఫైల్ నేను సెట్ చేశాను సార్’ అంటే వినేవారి మనసు మూడో అర్థం వైపు పోయే ప్రమాదం ఉంది. ‘హ్యాండిచ్చిండు’ ఇంకా చిత్రం. కుర్రాళ్ల లెక్కలో దాని అర్థం నమ్మించి వదిలేశాడని. ఆ వాడుక ఎరగని పెద్దమనిషి అదే మాటను ‘చెయ్యి అందించాడు, సాయం చేశాడు’ అని తీసుకోవచ్చు. ఒక్క మాటతో కథ మొత్తం తలకిందులవుతుంది, చెప్పినవాడికి ఆ సంగతే తెలియదు.

పైగా ఈ మాటలకు వయసు ఉంటుంది. ‘సుత్తి’ అనే మాటను ఆమె ఉదాహరణగా తీసుకున్నారు. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’తో విసిగించే మాటలకు ‘సుత్తి’ అనే పేరు ఊరూరా పాకింది, వీరభద్రరావుకూ వేలుకూ అది ఇంటిపేరైపోయింది. ఆ తరం వాళ్లు ఇవాళ ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చుంటున్నారు. ‘తోపు’, ‘కిరాక్’ అనే తరం ఇవతల కూర్చుంటోంది. ఒకరి సినిమా మాట ఇంకొకరికి చేరాలన్న నియమం లేదు.

ఆమె ఎక్కువసేపు ఆగింది మాత్రం ‘ఓనర్‌గాడు’ దగ్గర. తెలుగులో ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడాలంటే ముందు ఒక మెట్టు ఎంచుకోక తప్పదు. వాడు, అతను, ఆయన, వారు. క్రియ కూడా ఆ మెట్టునే అనుసరిస్తుంది: వచ్చాడు, వచ్చారు. దోస్తుల మధ్య ‘గాడు’ అనడంలో చనువు ఉంది, ద్వేషమేమీ ఉండకపోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో అది వేరే పని చేస్తుంది. జీతమిచ్చిన మనిషిని వెనకాల ‘గాడు’ అన్నవాడు రేపు మా గురించి, మా కస్టమర్ గురించి ఏమంటాడు అనే ప్రశ్న అవతలివారిలో లేస్తుంది. కాల్ సెంటర్ ఉద్యోగమైతే ఈ అనుమానం ఒక్కటే జవాబు మొత్తాన్ని ముంచగలదు. ఎందుకంటే అక్కడ రోజంతా చేయాల్సిన పని, కనిపించని మనిషితో ‘మీరు’, ‘అండి’ తప్పకుండా మాట్లాడటమే. అభ్యర్థులు ఎదుటివారిని ‘సార్’ అనడం మరిచిపోరు. అక్కడ లేనివారి దగ్గరే జారతారు.

ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. “అయితే మేడమ్, ‘చేసిండు’, ‘పోయిండు’ కూడా మానెయ్యాల్నా? అందరూ దాన్ని తెలంగాణ స్లాంగ్ అంటరు కదా.”

అడగాల్సిన ప్రశ్నే అది. మన దగ్గర యాసను కూడా స్లాంగ్ అనేయడం అలవాటైపోయింది, ఆ అలవాటు తప్పు. మేడమ్ జవాబు సూటిగా ఉంది: “నేను కరీంనగర్ దాన్ని. ఇంట్ల అమ్మతో ఇట్లనే మాట్లాడ్త. యాస ఒక ప్రాంతం మొత్తం మాట్లాడే భాష. ముసలోళ్లు, పిల్లలు, ఆడోళ్లు, మగోళ్లు అందరూ మాట్లాడతరు. దానికి వ్యాకరణం ఉంది. స్లాంగ్ ఒక గుంపు గుర్తు, బయటోళ్లకు తెలవకుండా ఉండాలనే పుట్టిన మాటలు కూడా అందులో ఉంటయి. ‘చేసిండు’ యాస. ‘హ్యాండిచ్చిండు’ల ‘ఇచ్చిండు’ యాస, ‘హ్యాండు’ స్లాంగ్. ‘లొల్లి’ కూడా మన మాటే, అది తప్పు కాదు. ఎదుటి మనిషి వేరే ప్రాంతమైతే ‘గొడవ’ అంటే తొందరగా తెలుస్తుంది, అంతే.” కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో ఈ తేడాను తరగతి గదిలో విప్పి చెప్పడం అవసరం.

ఆమె ఇంకో నిజాన్ని కూడా దాచలేదు. యాసను బట్టి మనిషిని తక్కువ చేసేవారు ఉన్నారు. అమెరికాలో పర్నెల్, ఇడ్‌సార్డి, బా అనే ముగ్గురు భాషా శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అద్దె ఇళ్ల యజమానులకు బా మూడు రకాల ఇంగ్లిష్ ఉచ్చారణలతో ఫోన్ చేశాడు. మనిషి అతనే, అడిగిందీ ఒకటే. తెల్లవారు ఎక్కువగా ఉండే పేటల్లో నల్లవారి, మెక్సికన్ మూలాలవారి ఉచ్చారణ విన్నప్పుడు ఇల్లు చూడటానికి రమ్మనడం బాగా తగ్గింది. అక్కడ తప్పు విన్నవారిది, మాట్లాడినవారిది కాదు. స్లాంగ్ సంగతి వేరు. ఎంత మంచి మనసుతో వినేవారికైనా సంగతి అందదు, గడి ఖాళీగానే మిగులుతుంది.

అలాగని కొన్ని మాటలను నిషేధిస్తే సరిపోతుందా? లండన్‌లో హారిస్ అకాడమీ అప్పర్ నార్‌వుడ్ అనే పాఠశాల 2013లో ఆ పని చేసింది. ‘ఇనిట్’, ‘ఎయింట్’, ‘బేర్’ లాంటి మాటలు ఇక్కడ వాడరాదని బోర్డు పెట్టింది. పిల్లలకు ఉద్యోగాల్లో మేలు జరుగుతుందని కొందరు మెచ్చుకున్నారు, పిల్లల నోరు కట్టేస్తున్నారని కొందరు విమర్శించారు. మన మేడమ్‌కు ఆ దారి నచ్చదు. ఆమె అనుభవంలో, జాబితా ఇచ్చి భయపెట్టిన పిల్లలు రెండో చివరకు పోతారు. ‘సదరు వినియోగదారుని సమస్యను సామరస్యపూర్వకంగా పరిష్కరించితిని’ అని బట్టీ కొట్టి వస్తారు. అందులోనూ జరిగిన సంగతి ఒక్కటీ లేదు. గళ్లు మళ్లీ ఖాళీయే.

ఆమె పద్ధతి వేరు. దాని మూలం కూడా ఒక పాత పరిశోధనే. విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లోని మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఏదో ఒకటి ఎక్కడుందని అక్కడి ఉద్యోగులను అడిగేవాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని జవాబు వచ్చేది. వినపడనట్టు వంగి మళ్లీ అడిగేవాడు. రెండోసారి చెప్పేటప్పుడు మొత్తం మీద ‘ర’ కారం ఎక్కువగా, జాగ్రత్తగా పలికినట్టు తేలింది. అంటే జాగ్రత్త మాట వాళ్లలో ముందునుంచే ఉంది. అడిగితే బయటికొస్తుంది.

మేడమ్ కూడా అదే చేశారు. ఆ అబ్బాయిని మళ్లీ లేపి, వినపడనట్టు ముందుకు వంగారు. “ఏమన్నావు? ఆయన దేనికి గొడవ పడ్డాడు?” అతను చెప్పాడు. “ఓనర్ ఎక్కడున్నారు?” చెప్పాడు. “అప్పుడు నువ్వు ముందుగా ఏం చేశావు? తర్వాత?” ప్రతి ప్రశ్నకూ ఒక్కో వీధి మాట దానంతటదే రాలిపోతూ వచ్చింది. ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. అయిదు నిమిషాల తర్వాత జవాబు మొత్తం ఒక్కసారి చెప్పమన్నారు.

“మూడు రోజుల కింద కొన్న ఫోన్‌ల స్క్రీన్ మినుకుమినుకుమంటుందని ఒకాయన కోపంగా వచ్చిండు మేడమ్. డబ్బులు వాపస్ ఇయ్యమన్నడు. మా ఓనర్ గారు ఊళ్లె లేరు, ఫోన్ ఎత్తలేదు. డబ్బులిచ్చే అధికారం నాకు లేదు. ఆయన్ను కూర్చోబెట్టి, చెప్పింది మొత్తం విని, బిల్లు చూసిన. ఆయన ముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకొని, కాగితం మీద రాసిచ్చిన. రెండు రోజులల్ల వేరే ఫోన్ ఇచ్చిండ్రు. తర్వాత ఆయన తమ్మునికి కూడా మా దగ్గరనే ఫోన్ కొన్నడు.”

ఈసారి చప్పట్లు లేవు, అందరూ కాగితం వైపు చూస్తున్నారు. నాలుగు గళ్లూ నిండాయి. తనకు లేని అధికారాన్ని వాడకపోవడం, కస్టమర్‌కు రాతపూర్వకంగా ఆధారం ఇవ్వడం అనే రెండు మంచి గుణాలు మొదటి జవాబులో ‘సెట్ చేసిన’ కింద కప్పబడిపోయాయి. యాస ఎక్కడికీ పోలేదు, ‘వచ్చిండు’ ‘వచ్చిండు’గానే ఉంది. ‘గాడు’ మాత్రం ‘గారు’ అయ్యారు, అదీ ఎవరూ చెప్పకుండానే.

ఇది ఒక్క రోజులో పట్టుబడదని ఆమె ముందే చెప్పారు. కంగారులో నోటికి వచ్చేది ఎక్కువసార్లు వాడిన మాటే. అందుకే ఆ రోజు ఇంటిపని ఇలా ఇచ్చారు: ఇదే ప్రశ్నకు రెండు నిమిషాల జవాబు ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి, అమ్మమ్మకో పెదనాన్నకో, వినిపించాలి. వాళ్లు ‘అంటే ఏంటి?’ అని ఆపిన ప్రతిచోటా గీత పెట్టుకుని, ఆ చోట జరిగిన సంగతి చెబుతూ మళ్లీ రికార్డు చేయాలి. వాళ్లు ఎక్కడా ఆపకుండా చివరిదాకా విన్న రికార్డింగ్‌నే సోమవారం క్లాసుకు తీసుకురావాలి.