240 కోట్లలో ఈ ఇంజినీరు చేయించింది ఎంత?

"హైరైజ్ రెసిడెన్షియల్‌లో 8 నుంచి 10 ఏళ్ల సైట్ అనుభవం. 100 కోట్లకు పైబడిన ప్రాజెక్టులు చేసి ఉండాలి. అప్రూవల్స్ పని తెలిసి ఉండాలి." హైదరాబాద్ పడమటి శివారులో మూడు సెల్లార్లు, పైన 20 అంతస్తులతో రెండు టవర్లు కట్టే సంస్థ ఒకటి సీనియర్ సైట్ ఇంజినీరు కోసం ఇలా ప్రకటన ఇచ్చిందనుకుందాం. ఒక బయోడేటా వచ్చింది. అందులో మొత్తం తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. మూడేళ్లు కాలువ లైనింగ్ పని, రెండున్నరేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో మూడంతస్తుల ప్రభుత్వ గృహ సముదాయం, మూడున్నరేళ్లు హైదరాబాద్‌లో 14 అంతస్తుల వాణిజ్య భవనం. చివరి వరుసలో "చేసిన పనుల విలువ 240 కోట్లు, మున్సిపల్, ఫైర్ అప్రూవల్స్ అనుభవం ఉంది" అని రాసుకున్నారు.

పైపైన చూస్తే ప్రకటన అడిగినవన్నీ ఇందులో ఉన్నాయి. ఇలాంటి బయోడేటాలే పది చేతికి వస్తే మనిషికీ మనిషికీ తేడా తెలియదు. తేడా తెలియాలంటే ముందు చూడాల్సింది బయోడేటాను కాదు, సైటును. చేరే రోజుకు ఆ సైటు ఏ దశలో ఉంటుంది? రెరాలో నమోదైన ప్రాజెక్టయితే పని ఎంతవరకు వచ్చిందో ఆ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు కూడా ఇది చూసుకుని వెళ్లడం మంచిది. మన ఉదాహరణలో తవ్వకం అయిపోయింది, సెల్లార్ రిటైనింగ్ గోడలు మొదలవుతున్నాయి. అంటే చేరినవారికి మొదటి ఏడాదిన్నర సెల్లార్లు, పిల్లర్లు, శ్లాబులే పని. టైల్స్, పెయింటింగ్ గురించి ఎంత తెలిసినా ఇప్పటికి అక్కరకు రాదు.

ఇప్పుడు ఆ తొమ్మిదేళ్లను విడదీద్దాం. కాలువ పనిలో నేర్చుకున్న లెవెల్స్, కొలతలు, బిల్లింగ్ ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. అంతస్తు తర్వాత అంతస్తు సెంట్రింగ్ తిప్పే పని మాత్రం అక్కడ ఉండదు. రెండో ఉద్యోగాన్ని చాలామంది "మూడంతస్తులే కదా" అని తీసేస్తారు. అది తొందరపాటు అని నా అభిప్రాయం. అక్కడ అల్యూమినియం ఫార్మ్‌వర్క్ వాడారు. సైట్లలో మైవాన్ అంటారే, అదే. ఈ పద్ధతిలో గోడలు, శ్లాబు ఒకేసారి పోస్తారు. కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు కాంక్రీటుకు ముందే సరిగ్గా కూర్చోవాలి. ఒక బాక్సు అరడుగు పక్కకు జరిగితే తర్వాత కాంక్రీటు గోడను చెక్కాల్సిందే. పోసే ముందు ప్రతి గదీ తిరిగి చూసుకునే అలవాటు ఆ సైట్లలోనే పడుతుంది. కొత్త టవర్లూ మైవాన్‌తోనే కడుతున్నారు కాబట్టి ఈ రెండున్నరేళ్లకు మంచి విలువ ఉంది.

మూడో ఉద్యోగాన్నే జాగ్రత్తగా చదవాలి. 14 అంతస్తులు, మూడున్నరేళ్లు అన్న మాట నిజమే. కానీ ఆయన చేరేనాటికి భవనం ఎక్కడిదాకా వచ్చింది? అడిగితే, తొమ్మిదో అంతస్తు శ్లాబు అప్పటికే పూర్తయిందని తెలిసింది. తర్వాతి అయిదు అంతస్తుల స్ట్రక్చర్ పది నెలల్లో ముగిసింది. మిగిలిన రెండేళ్ల ఎనిమిది నెలలూ ఇటుక పని, ప్లాస్టరింగ్, ఫినిషింగ్. టవర్ క్రేన్ కింద, ఎత్తుకు కాంక్రీటు పంపుచేస్తూ, పిల్లర్ల నిలువు సరిచూసుకుంటూ చేసిన పని పది నెలలే. సెల్లార్ అనుభవం అసలు లేదు. బయోడేటా అబద్ధం చెప్పలేదు. సంవత్సరాల లెక్కలో దశల లెక్క కనపడలేదు, అంతే.

240 కోట్ల సంగతి కూడా ఇలాంటిదే. అది ఆ వాణిజ్య భవనం మొత్తం కాంట్రాక్టు విలువ. అందులో లిఫ్టులు, ఏసీలు, అద్దాల పని అన్నీ ఉంటాయి. ఒక్క సైట్ ఇంజినీరు చేతి మీదుగా అంత నడవదు. ఆయన చేయించిన పని ఎంతో తేల్చడం కష్టమేమీ కాదు. అంతస్తును రెండు భాగాలుగా పోశారు, ఒక్కో భాగానికి 180 ఘనపు మీటర్ల కాంక్రీటు. అంతస్తుకు 360, అయిదు అంతస్తులకు 1,800. ఇనుము, సెంట్రింగ్, కూలీ కలుపుకుని ఘనపు మీటరుకు స్థూలంగా 20 వేల రూపాయలు అనుకుంటే 3 కోట్ల 60 లక్షలు. ఫినిషింగ్‌లో ఆయన కొలతలు తీసి రన్నింగ్ బిల్లుకు ఎక్కించిన పని మరో 6 కోట్లు. మొత్తం పది కోట్ల లోపే.

ఈ అంకె చూసి ఆయన్ను తక్కువ చేయకూడదు. పది కోట్ల పని కొలతలు రాసి, కన్సల్టెంటు కోతల్ని ఎదుర్కొని బిల్లు పాస్ చేయించడం గట్టి అనుభవమే. 240 కోట్ల అంకెకూ ఒక అర్థం ఉంది. క్వాలిటీకి వేరే మనిషి, ప్లానింగ్‌కు వేరే మనిషి, ప్రతిదానికీ కాగితం ఉండే పెద్ద సైటులో మెలిగిన మనిషని అది చెబుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఇక్కడ ప్రకటన ఇచ్చినవాళ్ల తప్పూ ఉంది. సైట్ ఇంజినీరును 100 కోట్లు అని అడిగితే, వచ్చేవాళ్లు భవనం మొత్తం ధరే రాస్తారు.

పని నిజంగా చేశారా అన్న అనుమానం ఉంటే ఒక చిన్న ప్రశ్న చాలు. "ఆ 180 ఘనపు మీటర్ల శ్లాబుకు ఎన్ని క్యూబ్ శాంపిళ్లు తీశారు?" ఐఎస్ 456 ప్రకారం మొదటి 50 ఘనపు మీటర్లకు 4, ఆపైన ప్రతి 50కి, మిగిలిన ముక్కకు కూడా, ఒక్కొక్కటి. అంటే 7. శాంపిలుకు మూడు క్యూబులు. శ్లాబు దగ్గర నిలబడ్డవారు ఏడు అని వెంటనే చెబుతారు, లేదా మా సైటులో ఇంకా ఎక్కువే తీసేవాళ్లం అని కారణంతో సహా చెబుతారు.

ఇక అప్రూవల్స్. సైట్ ఇంజినీరుకు రోజూ ఉండేది చెకింగ్. కడ్డీ కట్టాక ఇన్‌స్పెక్షన్ రిక్వెస్టు పెట్టి, కన్సల్టెంటు చూసి సంతకం చేశాకే కాంక్రీటు పోయాలి. ప్రభుత్వ అనుమతులు వేరు. బిల్డింగ్ పర్మిషన్, ఫైర్ ఎన్‌వోసీ, ఎత్తుకు విమానాశ్రయ అనుమతి, 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి. వీటిని యజమాని తరఫున ఆర్కిటెక్టు, లైజనింగ్ చూసేవాళ్లు తెస్తారు. మన అభ్యర్థిని అడిగితే, ఫైర్ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు వెంట తిరిగి హైడ్రెంట్లు, మెట్ల దారులు చూపించానన్నారు. ఫైలు కదిపింది ఆయన కాదు.

అయినా ఆ అనుభవం చిన్నది కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆగిపోయేది ఎక్కువగా సైటులో జరిగిన మార్పుల వల్లే. మంజూరైన ప్లానుకు మించి సెట్‌బ్యాక్‌లోకి వచ్చిన గోడ, ఫైరింజను తిరగలేని దారి లాంటివి. హైదరాబాద్‌లో సర్టిఫికెట్ వచ్చేదాకా కట్టడంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖాలో ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే నష్టం నేరుగా బిల్డరుకే. తనిఖీలో అధికారులు ఏం చూస్తారో తెలిసిన ఇంజినీరు పునాది దగ్గరే ఆ తప్పు జరగనివ్వరు.

ఇంత చదివాక ఈయన్ను తీసుకోవచ్చా? టవర్ పనికి తీసుకోవచ్చు. సెల్లార్లు, రిటైనింగ్ గోడలు, వాటర్‌ప్రూఫింగ్ మాత్రం గ్రౌండ్ శ్లాబు పడేదాకా ఆ పని చేసిన మరొకరి చేతిలో ఉండాలి. అలాంటివారు ఆ సైటులో లేకపోతే ఈ బయోడేటా ఈ ఉద్యోగానికి సరిపోదు. ఆయన తన చివరి వరుసను ఇలా మార్చుకోవచ్చు: "కాంట్రాక్టు విలువ 240 కోట్లు, నేను చేయించి బిల్లు పెట్టింది సుమారు 9.6 కోట్లు, 10 నుంచి 14 అంతస్తుల స్ట్రక్చర్, తర్వాత ఫినిషింగ్, ఫైర్ తనిఖీలో సైటు తరఫున పాల్గొన్నాను."